సైన్స్ ఫేర్ ప్రాజెక్టు మనమే చేద్దాం – 3వ పాఠం: "తగ్గింది" అంటే ఎంతకి?

పోయిన పాఠంలో ప్రశ్న ఎంచుకున్నాం: మన ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించగలమా? నాగపూర్‌లోని పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ నీరి 1970లలో రూపొందించిన ఈ పద్ధతికి మన జిల్లా పేరే ఉంది, నల్గొండ టెక్నిక్ అని. కాబట్టి పద్ధతి మనం కనిపెట్టేది కాదు. మన నీళ్లకి అది ఎంతవరకు పనిచేస్తుందో కొలవడమే మన పని. ఈ పాఠంలో ఆ కొలతకి లక్ష్యాలు రాద్దాం, దేన్ని సక్సెస్ అనాలో ముందే తేల్చుకుందాం.

ఇందులో మొదటి తప్పు నేనే చేశాను. గైడ్ టీచర్‌గా మొదటి ఏడాది, మర్రిగూడ వైపు నుంచి వచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయి చార్టు మీద "లక్ష్యం: ఫ్లోరైడ్‌ను తగ్గించి ప్రజలకు అవగాహన కల్పించుట" అని రాయించాను. జడ్జిగా వచ్చిన మేడం అడిగారు: "ఎంతకి తగ్గిందమ్మా?" పిల్ల "బాగా తగ్గింది మేడం" అంది. "ఎంతకి తగ్గితే చాలు అనుకున్నారు?" అని మళ్లీ అడిగారు. పిల్ల నా వైపు చూసింది. నేను చార్టు వైపు చూశాను.

ఆ వాక్యంలో లోపం ఏమిటంటే, దాని ప్రకారం మేం ఎన్నడూ ఓడిపోలేం. చుక్క తగ్గినా తగ్గినట్టే. "అవగాహన" సంగతి సరేసరి, దాన్ని ఏ గ్లాసుతో కొలుస్తాం? నోటుబుక్కులో లక్ష్యం రాశాక పక్కన ఒక మాట రాయండి: "ఏం కనిపిస్తే ఇది ఫెయిల్ అంటాను?" జవాబు రాయలేకపోతే ఆ లక్ష్యం కొట్టేయండి.

ఇప్పుడు అంకె వెతుకుదాం. తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండొచ్చు. వేరే నీటి వనరు లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. చాలామంది పిల్లలు ఇక్కడే ఆగి "1.5 లోపు" అని రాసేస్తారు. రాసేముందు మీ టెస్ట్ కిట్ తీసి రంగుల కార్డు చూడండి. పాఠం కోసం మన కార్డు మీద 0.5, 1, 1.5, 2, 3 అని గడులు ఉన్నాయనుకుందాం. కిట్ ద్రావణం గులాబీ రంగులో ఉంటుంది. ఫ్లోరైడ్ ఎక్కువైన కొద్దీ అది పసుపుకి తిరుగుతుంది. 1.5 గడికీ 2 గడికీ తేడా ట్యూబ్‌లైట్ కింద ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా కనిపిస్తుంది. అంటే మన కంటి తప్పు ఒక గడి దాకా ఉండొచ్చు. అందుకే గీతను ఒక గడి కిందికి, 1 దగ్గర పెట్టుకుంటాం. అప్పుడు ఒక గడి తప్పు చదివినా నీళ్లు 1.5 దాటవు. ఇదే కారణంగా "1.2కి తగ్గించుట" అని ఎప్పుడూ రాయకండి. ఆ అంకెని ఈ కార్డు చూపించలేదు.

మోతాదు కొలవడంలో ఇంకో చిక్కు ఉంది. లీటరు నీళ్లకి 600 మిల్లీగ్రాముల పటిక కావాలంటే కిరాణా కాంటా పనికిరాదు. 100 గ్రాముల పటిక పొడిని కరిగించి మొత్తం లీటరు చేయండి. అప్పుడు సిరంజిలో 1 మిల్లీలీటరు తీస్తే 100 మిల్లీగ్రాముల పటిక వచ్చినట్టే. సున్నం అయితే 10 గ్రాములు వేసి లీటరు చేయాలి. అది పూర్తిగా కరగదు కాబట్టి బాగా గిలకొట్టి, పాలలా ఉన్నప్పుడే తీయాలి. సున్నం పటికలో సుమారు 20వ వంతు చాలు. ముందు సున్నం, తర్వాత పటిక వేసి, పది నిమిషాలు మెల్లగా తిప్పి, గంటసేపు కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్లు తీసి వడకట్టండి. ఆ నీళ్లు పరీక్షకే, ఎవరూ తాగొద్దు.

ఇన్ని తెలిశాక లక్ష్యం ఇలా తయారవుతుంది:

"మా బోరు నీళ్లలో, లీటరుకు 400, 600, 800 మిల్లీగ్రాముల పటిక మోతాదుల్లో ఏది ఫ్లోరైడ్‌ను 3 గడి నుంచి 1 గడికి లేదా అంతకంటే కిందికి తెస్తుందో, ఒక్కో మోతాదుకు మూడు సీసాలతో కనుక్కోవడం."

దాని కింద సక్సెస్ షరతులు: మూడు సీసాలూ 1 లేదా అంతకంటే తక్కువ చూపాలి. నీళ్ల పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి, ఎందుకంటే పటిక నీటిని ఆమ్లం వైపు లాగుతుంది. పటికా సున్నమూ వేయకుండా అలాగే తిప్పి ఉంచిన మూడు సీసాలు 3 దగ్గరే ఉండాలి. అవి కూడా తగ్గితే మన కొలతలోనే ఏదో తేడా ఉంది. సీసాలకి మోతాదు బదులు అ, ఆ, ఇ అని రాసి, ఏది ఏదో తెలియని ఇద్దరితో రంగు చదివించండి. వాళ్లిద్దరి మాట కలవకపోతే ఎక్కువ అంకెనే రాసుకోవాలి.

ఇంకో షరతు చేర్చాలి. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పటికలో అల్యూమినియం ఉంటుంది. శుద్ధి చేసిన నీళ్లలో అది కొంచెం మిగిలితే ఫ్లోరైడ్‌ని పట్టుకుని కూర్చుంటుంది, కిట్ రంగును మార్చనివ్వదు. అప్పుడు ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉన్నా కార్డు మీద తక్కువ కనిపిస్తుంది. పటిక వాడే ప్రాజెక్టుకి ఇంతకంటే తియ్యటి మోసం ఉండదు. కాబట్టి నెగ్గిన మోతాదు సీసా ఒకటి నీటి పరీక్షా ల్యాబ్‌కి పంపి, ఎలక్ట్రోడ్ పద్ధతిలో చూడమని అడగండి. ఆ పద్ధతిలో కలిపే ద్రావణం అల్యూమినియం పట్టు విడిపిస్తుంది. ల్యాబ్ అంకె 1.5 దాటితే కిట్ ఏం చెప్పినా ఫెయిలే.

ఇవన్నీ ప్రయోగానికి ముందే రాసి, తేదీ వేసి, గైడ్ టీచర్ సంతకం పెట్టించండి. ఎందుకో ఈ లెక్క చూడండి. అంకెలు పాఠం కోసం అనుకున్నవే. 400 మోతాదుకు 2, 2, 1.5 వచ్చాయి. 600కి 1, 1, 1.5. 800కి మూడూ 1, కానీ పీహెచ్ 6. ఇక్కడ చెయ్యి దురద పెడుతుంది. "1.5 కూడా ఒప్పుకునేదే కద సార్, 600 పాస్ అని రాద్దాం" అంటారు పిల్లలు. కానీ ఆ 1.5 నిజంగా 2 కావచ్చనే కదా గీత కిందికి దించాం. మన షరతుల ప్రకారం మూడు మోతాదులూ ఫెయిల్.

చార్టు మీద అలాగే రాయాలి: "800 మోతాదు ఫ్లోరైడ్ షరతు నెగ్గింది, పీహెచ్ షరతు తప్పింది." ఆ తర్వాత కొత్త తేదీతో రెండో లక్ష్యం: "800 పటికకు సున్నం 40 మిల్లీగ్రాముల నుంచి 60, 80కి పెంచితే రెండు షరతులూ కలిసి నెరవేరుతాయా?" పాత గీత చెరపకుండా దాని కిందే రాయండి. జడ్జి ఎక్కువసేపు ఆగేది ఈ రెండో వాక్యం దగ్గరే.

అభ్యాసం: ఈ మూడు లక్ష్యాల పక్కన ఫెయిల్ షరతు రాయండి, రాయలేనిదాన్ని తిరగరాయండి. "మునగ గింజల పొడితో మురికి నీటిని శుభ్రం చేయుట." "బత్తాయి తొక్కల ఎరువు మేలని నిరూపించుట." "సోలార్ కుక్కర్‌లో గంటన్నరలో అన్నం వండుట." మూడోదాంట్లో అంకె ఉంది కద అని వదిలేయకండి. ఎన్ని బియ్యం, ఏ నెల ఎండ, ఉడికిందని ఎవరు ఎలా చెప్పాలి? వచ్చే పాఠంలో లాగ్‌బుక్ గీతలు గీద్దాం, రూళ్ల కర్ర తెచ్చుకోండి.