బుక్ చాప్టర్‌ని రివ్యూ ఆర్టికల్ చేశాక జర్నల్ వెనక్కి పంపిందా? సమస్య - పరిష్కారం

చాప్టర్ ఎలాగూ రెడీగా ఉంది కదా, కొత్త ఇంట్రో రాసి నాలుగు కొత్త రిఫరెన్సులు పెడితే రివ్యూ అయిపోతుంది అనుకుంటాం. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి. ఉదాహరణకి 2018లో రాసిన చాప్టర్ ఒకటి తీసుకుందాం, టాపిక్ సికిల్ సెల్ జబ్బుకి క్రిస్పర్ జీన్ ఎడిటింగ్.

సమస్య: "టెక్స్ట్‌బుక్‌లా ఉంది" అని ఎడిటర్ రివ్యూయర్లకి కూడా పంపకుండా తిప్పి పంపేశారు

కారణం: చాప్టర్ చదివేవాళ్లు సబ్జెక్ట్ నేర్చుకోడానికి వస్తారు, అందుకే హిమోగ్లోబిన్ అంటే ఏంటి, మ్యుటేషన్ ఎక్కడుంది, క్యాస్9 ఎంజైమ్ డీఎన్ఏని ఎలా కట్ చేస్తుంది అని వరసగా చెప్పుకుంటూ పోతాం. ఇదంతా ఎందుకు చదవాలో పుస్తకం ముందుమాటే చెప్పేస్తుంది. రివ్యూకి ఆ ముందుమాట ఉండదు, చదివేవాళ్లకి బేసిక్స్ ముందే తెలుసు, వాళ్లకి కావాల్సింది ఒక ప్రశ్న, దానికి ఉన్న ఆధారాల మీద మీ జడ్జిమెంట్.

పరిష్కారం: ఇంట్రో జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ముందు చాప్టర్‌లో ప్రతి పేరాకి పక్కన ఒక్క లైన్ రాయండి, ఈ పేరా ఏం చెప్తోంది అని. తర్వాత రివ్యూ ప్రశ్నని ఒక్క వాక్యంలో రాసి, ఆ లిస్ట్ పక్కన పెట్టుకుని చూడండి. ప్రశ్నకి పనికొచ్చే పేరా ఉంచాలి, బ్యాక్‌గ్రౌండ్ మాత్రమే అయితే రెండు వాక్యాలకి కుదించి ఇంకో మంచి రివ్యూని సైట్ చేయాలి, రెండూ కాకపోతే తీసేయాలి. మన చాప్టర్‌లో క్యాస్9 మెకానిజం పేజీలన్నీ ఇలాగే పోతాయి, మనసొప్పదు గానీ తీసేయాల్సిందే. ఇంట్రో చివర్లో రాయండి, మొదటి పేరాలోనే ఆ ప్రశ్న కనపడాలి.

సమస్య: అప్‌డేట్ చేసినా "పాతగా ఉంది, అతుకులేసినట్టుంది" అంటున్నారు

ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కుంటారు. గుర్తుపట్టడం ఈజీ, ప్రతి సెక్షన్‌లో రిఫరెన్సుల సంవత్సరాలు చూడండి, మొదటి మూడొంతులూ 2018 లోపువై, కొత్తవన్నీ చివరి పేరాలో "ఇటీవల" అనే మాట వెనక గుంపుగా ఉంటే అవే అతుకులు.

కారణం: సమాచారం మారింది గానీ ప్రశ్న మారలేదు. 2018లో అసలు ప్రశ్న "ఇది మనుషుల్లో పనిచేస్తుందా?". బీసీఎల్11ఏ జీన్ ఎన్‌హాన్సర్‌ని ఎడిట్ చేస్తే పిండదశ హిమోగ్లోబిన్ మళ్లీ పెరుగుతుందని ల్యాబ్‌లో తెలుసు, పేషెంట్ల డేటా ఇంకా రాలేదు. తర్వాత ట్రయల్స్ అయ్యాయి, 2023 నవంబర్‌లో బ్రిటన్, డిసెంబర్‌లో అమెరికా ఈ ఎడిటింగ్‌తో వచ్చిన కాస్జెవీ అనే ట్రీట్‌మెంట్‌కి అప్రూవల్ ఇచ్చాయి. అంటే పాత ప్రశ్నకి జవాబు వచ్చేసింది. ఇంకా దాని చుట్టూనే ఆర్టికల్ కడితే ఎన్ని కొత్త పేపర్లు చేర్చినా పాతగానే ఉంటుంది.

పరిష్కారం: "చాప్టర్ రాసినప్పుడు తెలియనిది ఇప్పుడు ఏది తేలింది, అది తేలాక కొత్తగా ఏ ప్రశ్న లేచింది" అని ఒక కాగితం మీద రాసుకోండి. ఈ కేసులో ఎడిట్ చేసిన కణాలు ఎక్కించే ముందు బుసల్ఫాన్ అనే మందుతో ఎముక మజ్జని ఖాళీ చేయాలి, దీన్నే కండిషనింగ్ అంటారు, దానివల్ల సంతానలేమి రిస్క్ ఉంది, కాబట్టి "ఎడిటింగ్ సక్సెస్ అయ్యాక కూడా ఈ ట్రీట్‌మెంట్‌కి అడ్డుపడుతున్నదేంటి?" అన్నది ఇప్పటి ప్రశ్న కావచ్చు. అప్పుడు సెక్షన్ల వరసే మారిపోతుంది. చాప్టర్ చివర్లో ఒక మూలనున్న కండిషనింగ్ పేరా ఆర్టికల్ మధ్యకొచ్చి పెద్ద సెక్షన్ అవుతుంది, ఎలుకల ప్రయోగాలు ఒక టేబుల్‌లోకి సర్దుకుంటాయి, క్యాస్9 అనుకోని చోట కట్ చేసే ఆఫ్-టార్గెట్ సమస్య సెక్షన్‌ని మాత్రం అప్పటి భయాలతో కాకుండా ఇప్పుడున్న పేషెంట్ ఫాలో-అప్‌తో మొదట్నుంచీ తిరగరాయాలి. కొత్త పేపర్ పాత వాక్యాన్ని కాదంటే పాత వాక్యాన్నే మార్చండి, "అయితే" అని కింద ఇంకో వాక్యం అతికించొద్దు.

సమస్య: సిమిలారిటీ రిపోర్ట్‌లో మీ చాప్టరే ఎర్రగా కనిపిస్తోంది

కారణం: పేరాలు ఉన్నవి ఉన్నట్టు దిగాయి, పైగా చాలాసార్లు చాప్టర్ కాపీరైట్ పబ్లిషర్‌కి రాసిచ్చేసి ఉంటాం. మనం రాసిందే అయినా హక్కు మన దగ్గర ఉండకపోవచ్చు.

పరిష్కారం: అప్పట్లో సంతకం పెట్టిన అగ్రిమెంట్ తీసి, మళ్లీ వాడుకోవడం గురించి ఏం రాసుందో చూసి, అవసరమైతే పబ్లిషర్ నుంచి రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకోండి. బొమ్మలకి ఇది మరీ ముఖ్యం, అదే బొమ్మని రంగులు మార్చి గీసినా పర్మిషన్ అవసరం పడొచ్చు. మాటలు అటూ ఇటూ మార్చి పర్సంటేజీ తగ్గించే పని మాత్రం పెట్టుకోవద్దు, ఎడిటర్ చాప్టర్ పక్కన పెట్టి చదివితే తెలిసిపోతుంది, దాచినట్టు కూడా అనిపిస్తుంది. కవర్ లెటర్‌లో నేరుగా చెప్పండి: ఈ ఆర్టికల్ ఫలానా చాప్టర్ నుంచి వచ్చింది, ఈ సెక్షన్లు కొత్తవి, ఈ భాగం పాతది, పర్మిషన్ జతచేశాం అని. ఆర్టికల్ లోపల కూడా చాప్టర్‌ని సైట్ చేయండి. కోఆథర్స్ మారి ఉంటే, చాప్టర్‌లో రాసినవాళ్ల భాగం ఇందులో మిగిలుంటే వాళ్లతో సబ్మిషన్‌కి ముందే మాట్లాడాలి.

పంపే ముందు "ముందు అధ్యాయంలో చూసినట్టు", "ఈ పుస్తకంలో" లాంటి మాటలు సెర్చ్ చేసి తీసేయండి, బొమ్మల నంబర్లూ, ఫుల్‌ఫామ్ పాత అధ్యాయంలో మాత్రమే ఇచ్చిన షార్ట్‌ఫామ్‌లూ కూడా అప్పుడే సరిచూసుకోండి.