ఛానెల్ లెక్కలు – 3వ పాఠం: మామూలు వీడియోకి వ్యూస్ ఎన్ని?

యూట్యూబ్ స్టూడియో నుంచి వీడియోల పట్టికను షీట్‌లోకి దించుకోవడం పోయిన పాఠంలో చూశాం. ఇప్పుడు అందులోని వ్యూస్ కాలమ్‌ని ఒకే ఒక్క ప్రశ్న అడుగుదాం: ఈ ఛానెల్‌లో రేపు ఇంకో వీడియో పెడితే దానికి ఎన్ని వ్యూస్ రావచ్చు?

లెక్క కోసం ఒక వంటల ఛానెల్ అనుకుందాం. 15 వీడియోలున్నాయి. వ్యూస్ తక్కువ నుంచి ఎక్కువకి పేరిస్తే ఇలా ఉన్నాయి: 1,900, 2,100, 2,400, 2,600, 2,800, 3,000, 3,100, 3,300, 3,500, 3,700, 4,000, 4,600, 5,200. ఆ తర్వాత ఆవకాయ వీడియోకి 88,000, హోటల్ స్టైల్ ఇడ్లీ వీడియోకి 4,20,000.

అన్నీ కూడితే 5,50,200. దాన్ని 15తో భాగిస్తే సగటు 36,680. ఇప్పుడు ఆ అంకెను పట్టుకుని పై వరసలోకి మళ్లీ వెళ్లండి. 36,680 దరిదాపుల్లో ఒక్క వీడియో కూడా లేదు. 13 వీడియోలు దానికి చాలా కింద ఉన్నాయి, రెండు చాలా పైన ఉన్నాయి. ఇడ్లీ వీడియో వ్యూస్‌ని మిగతా వాటికి పంచిపెడితే వచ్చిన అంకె ఇది.

మధ్యగతం, అంటే మీడియన్, ఇలా పంచదు. వరసలో సరిగ్గా మధ్యన ఉన్న వీడియోని చూపిస్తుంది. 15లో మధ్యది 8వది, కాబట్టి 3,300. దీనికి కింద ఏడు, పైన ఏడు. (వీడియోలు సరిసంఖ్యలో ఉంటే మధ్యనున్న రెండింటి సగటు తీసుకోవాలి.) రెండు హిట్లనూ పక్కనపెట్టి మిగతా 13కి సగటు కట్టినా దాదాపు 3,246 వస్తుంది. కానీ ఏది హిట్టో, ఏది కాదో తేల్చే తగువు మధ్యగతంతో ఉండదు.

ఇడ్లీ వీడియో ఇంకా పరిగెత్తి 8,40,000కి చేరిందనుకోండి. సగటు 64,680కి ఎగబాకుతుంది. మధ్యగతం 3,300 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే వరసలో చివరిది ఎంత పెద్దదైనా మధ్యలో ఉన్నది మారదు. వ్యూస్‌కి కింద సున్నా అనే గట్టు ఉంది, పైన హద్దేమీ లేదు. అందుకే సగటును లాగే వీడియోలు ఎప్పుడూ పైవైపు నుంచే లాగుతాయి.

షీట్‌లో మొదటి వరస శీర్షికలు, రెండోది `Total`, వీడియోలు మూడో వరస నుంచి మొదలవుతాయి. వ్యూస్ D కాలమ్‌లో ఉన్నాయనుకుంటే (మీ షీట్‌లో ఏ అక్షరమో చూసుకోండి):

```
=COUNT(D3:D17)
=AVERAGE(D3:D17)
=MEDIAN(D3:D17)
```

ముందుగా వరసలో పేర్చాల్సిన పని లేదు, `MEDIAN` తనే చూసుకుంటుంది.

ఎక్కువమంది బోల్తా పడేది ఆ `Total` వరస దగ్గరే. D2 నుంచి మొదలుపెడితే మొత్తం వ్యూస్ కూడా ఒక వీడియోలా లెక్కలోకి దూరి, సగటు 68,775 అవుతుంది. మధ్యగతం మాత్రం 3,400కి జరుగుతుందంతే. తప్పు అంత తక్కువగా కనబడుతుంది కాబట్టే దాన్ని పట్టుకోవడానికి `COUNT` పెట్టాం. అది 15కి బదులు 16 చూపిస్తే పరిధి సరిచేసుకోండి.

మధ్యగతాన్నీ తప్పుదారి పట్టించేవి రెండున్నాయి. ఒకటి వీడియో వయసు. నిన్న పెట్టినదాన్నీ రెండేళ్ల కిందటిదాన్నీ ఒకే వరసలో నిలబెట్టకూడదు. పెట్టి 28 రోజులు కానివి తీసేయండి, వీలైతే మిగతా వాటికి కూడా మొదటి 28 రోజుల వ్యూసే తీసుకోండి. రెండోది షార్ట్స్. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైన ప్రతిసారీ, మళ్లీ ప్లే అయినా సరే, ఒక వ్యూగా లెక్కపడుతోంది. సగం షార్ట్స్ 20,000 దగ్గర, సగం పెద్ద వీడియోలు 3,000 దగ్గర ఉంటే, రెండూ కలిపి తీసిన మధ్యగతం ఏ గుంపుకీ చెందని చోట పడుతుంది. వేర్వేరు షీట్లు పెట్టుకోవడమే మేలు.

అంతమాత్రాన సగటు పనికిరాదని కాదు. ప్రకటనల ఆదాయం మొత్తం వ్యూస్‌ని బట్టి వస్తుంది. అక్కడ ఇడ్లీ వీడియోని వదిలేస్తే లెక్క తప్పుతుంది. కానీ ఒక స్పాన్సర్ వచ్చి ఒకే వీడియోకి, వ్యూకి 50 పైసల చొప్పున ముందే ధర కట్టమన్నాడనుకోండి. సగటు ప్రకారం రూ.18,340, మధ్యగతం ప్రకారం రూ.1,650. సగటు చూపించి డబ్బు తీసుకుంటే, పెట్టిన వీడియోకి మూడు వేల చిల్లర వ్యూస్ వచ్చినప్పుడు ఆ స్పాన్సర్ మళ్లీ ఫోన్ ఎత్తడు. మధ్యగతం చెప్పి, హిట్ అయితే అదనం ఎంతో విడిగా మాట్లాడుకోవడం మంచి పద్ధతి.

అభ్యాసం: మీ షీట్‌లో ఈ మూడు సూత్రాలూ వేసి, సగటును మధ్యగతంతో భాగించండి. మన ఉదాహరణలో అది సుమారు 11. మీకు 1కి దగ్గరగా వస్తే ఏ అంకె వాడినా పెద్ద తేడా ఉండదు. 3 దాటితే హిట్లు సగటును మోస్తున్నాయని అనుకోవచ్చు. తర్వాత `=QUARTILE(D3:D17,1)`, `=QUARTILE(D3:D17,3)` కూడా వేసి పెట్టుకోండి. ఇవి వరసలో కింది పావు వంతు ఎక్కడ ముగుస్తుందో, పై పావు వంతు ఎక్కడ మొదలవుతుందో చెబుతాయి. మన ఛానెల్‌కి 2,700, 4,300 వస్తాయి. ఆ రెండింటి మధ్య పడే వీడియోలతో 4వ పాఠం మొదలవుతుంది.