గోడౌన్ దాకా లాగిన నెట్‌వర్క్ కేబుల్ ఎందుకు నెమ్మదిస్తుంది: పొడవు తప్పా, అల్యూమినియం తప్పా?

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ. రోడ్డు పక్కన ఆఫీసు, దాని వెనక గింజలు ఆరబెట్టే కళ్లం, ఆ వెనక గోడౌన్. ఆఫీసు రూటర్ నుంచి గోడౌన్ గోడ మీది వైఫై పెట్టె దాకా ఒకే కేబుల్, రేకుల కప్పు మీదుగా లాగి ఉంది. కరెంటు కూడా ఆ కేబుల్‌లోంచే. ఆఫీసులో 24 వోల్టుల ఇంజెక్టర్ ఉంది, గోడౌన్ దగ్గర ప్లగ్గు లేదు.

గుమస్తా గారు చెప్పిన మాట: "పొద్దున బాగానే ఉంటాది బాబూ. మధ్యాన్నం లారీలు లోడింగ్ మొదలెడితే సాలు, వైఫై పోయి మళ్లీ వస్తాది. బిల్లు ఫైలు పంపితే గిర్రున తిరుగుతానే ఉంటాది."

ఈ మాటల్లో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. ఫైలు నెమ్మదిగా వెళ్లడం ఒకటి, పెట్టె ఆగి మళ్లీ లేవడం ఇంకొకటి. రెండింటినీ కలిపి చూస్తే రూటర్ మార్చడం, పెట్టె మార్చడం, కనెక్టర్లు మార్చడం ఇలా డబ్బు తగలేస్తూ పోతాం. ఇక్కడ నా కన్నా ముందు వచ్చినవాళ్లు ఆ మూడూ చేసేశారు.

లక్షణం 1: లింక్ 1000 కాకుండా 100కే వస్తుంది, దానికి తగ్గ వేగం కూడా రాదు

ముందుగా ఇంజెక్టర్‌ను తీసి పక్కన పెట్టండి. ఇలాంటి ఇంజెక్టర్ అవతల ఏముందో అడగకుండానే కరెంటు పంపేస్తుంది, ల్యాప్‌టాప్ పోర్టు కాలిపోవచ్చు. రూటర్ నుంచి కేబుల్‌ను నేరుగా గోడౌన్ వైపు ల్యాప్‌టాప్‌కు పెట్టి చూశాను.

```
ethtool enp3s0 | grep Speed
ethtool -S enp3s0 | grep -i crc
```

`enp3s0` అన్నది నా లినక్స్ ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్ పోర్టు పేరు, మీ దాంట్లో వేరే పేరు ఉండొచ్చు. మొదటిదానికి `Speed: 100Mb/s` అని వచ్చింది. రెండోది చెడిపోయి వచ్చిన ఫ్రేముల, అంటే డేటా ముక్కల, లెక్క, అదే సీఆర్‌సీ అంకె. దాని పేరు డ్రైవర్‌ను బట్టి మారుతుంది. ఒక పెద్ద ఫైలు కాపీ చేస్తూ అదే కమాండ్ మళ్లీ మళ్లీ కొడితే ఆ అంకె పెరుగుతూ పోయింది. మంచి లింక్‌లో అది కదలకూడదు. విండోస్ ఉంటే `Get-NetAdapter` కొడితే లింక్ వేగమైనా కనిపిస్తుంది. 100 లింక్ మీద ఫైలు సెకనుకు 11 మెగాబైట్ల దగ్గర నడవాలి, ఇక్కడ 3 దాటలేదు.

100 కనబడగానే పొడవు మీద నేరం మోపకండి. కేబుల్‌లో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా ఉంటాయి. గిగాబిట్‌కు, అంటే 1000కు, నాలుగు జతలూ కావాలి, 100కు రెండు జతలు చాలు. నీలం జతలోనో గోధుమరంగు జతలోనో ఒక తీగ తెగినా లింక్ 100కు దిగిపోతుంది. ఎనిమిది లైట్ల టెస్టర్‌తో అది తేల్చుకోవచ్చు. మాకు ఎనిమిదీ వరసగా వెలిగాయి. అయితే ఆ టెస్టర్ చెప్పేది తీగ తెగలేదన్న ఒక్క మాటే. తీగ ఎంత పొడవుందో, దేనితో చేశారో దానికి తెలియదు. "టెస్టర్ ఓకే అంది" అన్న మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు.

ఆ తర్వాత పొడవు. కేబుల్ తొడుగు మీద మీటరుకొక అంకె అచ్చేసి ఉంటుంది. ఆఫీసు కొసన 041, గోడౌన్ కొసన 157. అంటే 116 మీటర్లు. కొన్ని కేబుళ్ల మీద అంకెలు అడుగుల్లో ఉంటాయి, పక్కనున్న గుర్తు చూసుకోండి.

ఈథర్‌నెట్ రాగి కేబుల్‌కు హద్దు 100 మీటర్లు: గోడల్లో, కప్పు మీద వేసే గట్టి తీగ 90, రెండు కొసల్లో మెత్తటి ప్యాచ్ తీగలు కలిపి 10. సిగ్నల్ దూరం వెళ్లడానికి టైం పడుతుంది కాబట్టి నెమ్మదిస్తుందని కొందరు అనుకుంటారు. అది కారణం కాదు. 100 మీటర్లు దాటడానికి సిగ్నల్‌కు సెకనులో పది లక్షలో వంతులో సగం చాలు. అసలు కారణం, దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనపడటం. పక్క జతల నుంచి దూరే రొద మాత్రం అలాగే ఉంటుంది. ఒక హద్దు దాటాక అవతలి చిప్ ఆ రొదలోంచి అసలు అక్షరాలను సరిగ్గా ఏరుకోలేదు. చెడిన ఫ్రేమును పారేస్తుంది, పంపినవాడు దాన్ని మళ్లీ పంపాలి. పైగా పోయిన ప్యాకెట్లను చూసి, డేటా చేరిందో లేదో చూసుకునే టీసీపీ అనే పద్ధతి దారి రద్దీగా ఉందనుకుని తన జోరు తానే తగ్గించుకుంటుంది. లింక్ 100 అని చూపిస్తున్నా ఫైలు 3 దగ్గర కుంటడం ఇందుకే. గిగాబిట్‌లో లింక్ నిలబడకపోతే చాలా చిప్‌లు కొన్నిసార్లు ప్రయత్నించి వాటంతటవే 100కు దిగుతాయి.

ఎండ కూడా ఇందులో చేయి వేస్తుంది. 100 మీటర్ల లెక్క 20 డిగ్రీల దగ్గర వేసింది. తీగ వేడెక్కేకొద్దీ నష్టం పెరుగుతుంది. మే నెలలో రేకు మీద పడున్న కేబుల్‌కు 100 మీటర్లు కూడా ఎక్కువే.

కానీ 116 మీటర్ల మంచి రాగి తీగ మీద 100 లింక్ మరీ ఇంత చెడుగా నడవదు. హద్దు దాటింది పదహారు మీటర్లే. అనుమానం అక్కడే వచ్చింది.

లక్షణం 2: వాడకం పెరిగినప్పుడు పెట్టె ఆగి మళ్లీ లేస్తుంది

కొసన ఒక అంగుళం తొడుగు తీసి, ఒక తీగ పైన బ్లేడుతో గీశాను. పైన ఎర్రగా రాగి, గీత లోపల వెండిలా తెల్లగా మెరిసింది. ఆ తీగనే రెండు మూడుసార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కున విరిగింది. రాగి అంత తొందరగా విరగదు. ఇది రాగి పూత పూసిన అల్యూమినియం తీగ. బజార్లో దీన్ని సీసీఏ అంటారు. తొడుగు మీద మాత్రం క్యాట్ 6 అని ఉంది. ఆ ప్రమాణం రాగి తీగనే ఒప్పుకుంటుంది, కాబట్టి అల్యూమినియం తీగ మీద ఆ అచ్చుకు అర్థం లేదు.

గీత గీసి చూడటం అనుమానం తీర్చడానికి. ఎంత నష్టమో తెలియాలంటే మల్టీమీటర్ కావాలి. గోడౌన్ వైపు నీలం జతలోని రెండు తీగల్నీ కలిపి మెలిపెట్టి, ఆఫీసు వైపు ఆ రెండింటి మధ్య ఓములు కొలిచాను. మీటర్ తీగలను ఒకదానికొకటి తాకించినప్పుడు వచ్చే అంకెను తీసేశాక 33.5 ఓములు. 24 గేజి రాగి తీగ అయితే ఒక్కో తీగకు 100 మీటర్లకు 9.4 ఓములు మించకూడదు. అంటే 116 మీటర్లు వెళ్లి రావడానికి 22 లోపే రావాలి. సగం పైన అదనంగా వచ్చింది. అల్యూమినియానికి వాహకత రాగిలో అరవై శాతం చిల్లరే, లెక్క అక్కడికి సరిపోతుంది.

ఇప్పుడు పెట్టె ఎందుకు ఆగుతుందో చూద్దాం. ఈ ఇంజెక్టర్ రెండు తీగల మీద కరెంటు పంపి, ఇంకో రెండింటి మీద వెనక్కి తెస్తుంది. కాబట్టి దారిలో అడ్డు మనం కొలిచినదాంట్లో సగం, దాదాపు 16.7 ఓములు. ఇలాంటి తీగ అవతలి కొసకు చేరవేయగల గరిష్ఠ శక్తికి ఒక హద్దు ఉంది:

```
V × V ÷ (4 × R) = 24 × 24 ÷ (4 × 16.7) = 8.6 W
```

పెట్టె అడుగున చీటీ మీద గరిష్ఠంగా 9 వాట్లు అని రాసి ఉంది. పొద్దున ఇద్దరు ముగ్గురి ఫోన్లే ఉన్నప్పుడు పెట్టె 5 వాట్ల దగ్గర నడుస్తుంది, ఇబ్బంది లేదు. లోడింగ్ టైంలో ఫోన్లూ స్కానర్లూ అన్నీ కలిసి పెట్టె పూర్తి శక్తి అడిగితే, తీగ ఇవ్వలేదు. వోల్టేజి కూలుతుంది, పెట్టె ఆగుతుంది, ఆగగానే భారం తగ్గి మళ్లీ లేస్తుంది. నేను కొలిచింది పొద్దున పూట. మధ్యాహ్నం రేకు మీద తీగ ముప్పై డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే అడ్డు ఇంకో పదో వంతు పెరుగుతుంది, ఆ 8.6 వాట్లు 8 కన్నా తక్కువకు పడతాయి. గుమస్తా గారు "మధ్యాన్నం" అని పట్టుబట్టి చెప్పింది అక్షరాలా నిజం. అదే పొడవు రాగి తీగ 13 వాట్ల దాకా ఇవ్వగలిగేది.

ఇదే అల్యూమినియం తీగను ఒకే గదిలో 15 మీటర్లకు వేస్తే గిగాబిట్ చక్కగా నడుస్తుంది. అందుకే దీన్ని అమ్మేవాళ్లు ధైర్యంగా అమ్ముతారు. ఎక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్ తీగ పై పొర వెంటే పోతుంది, అక్కడ ఉన్నది రాగే. తక్కువ ఫ్రీక్వెన్సీ లోపలికి దిగి అల్యూమినియంలో నడుస్తుంది, కరెంటైతే తీగ మందమంతా వాడుకుంటుంది. కాబట్టి ఈ తీగ బండారం బయటపడేది దూరం పెరిగినప్పుడు, కరెంటు మోసినప్పుడు. మన ఫ్యాక్టరీలో రెండూ ఉన్నాయి.

ఒక మాట కనెక్టర్ గురించి. కొత్త కనెక్టర్ వేస్తే కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదటికి వస్తుందంటే అదీ అల్యూమినియం పనే. గాలి తగిలిన చోట దాని మీద కరెంటును ఆపే పొర కడుతుంది, నొక్కిన చోట మెల్లగా జారి పట్టు వదులవుతుంది. మన సముద్రపు గాలి ఆ పనిని తొందర చేస్తుంది.

పరిష్కారం

ఆ రోజుకు పని నడవాలి కాబట్టి రూటర్ పోర్టును 100కు పరిమితం చేశాను, గిగాబిట్ కోసం పడే పెనుగులాట తగ్గింది. ఇలా చేసేటప్పుడు, రెండు కొసలూ మాట్లాడుకుని వేగం కుదుర్చుకునే ఆటో నెగోషియేషన్‌ను ఆపేయకండి. ఒక వైపే ఆపితే రెండో వైపు హాఫ్ డూప్లెక్స్‌లోకి, అంటే ఒకసారికి ఒక వైపే మాట్లాడే పద్ధతిలోకి, పోయి కొత్త నెమ్మది మొదలవుతుంది. 100 మాత్రమే ప్రకటించమని చెప్పాలి. లినక్స్‌లో అది ఇలా:

```
ethtool -s enp3s0 advertise 0x008
```

శాశ్వతంగా చేయడానికి రెండు దారులు. మధ్యలో కరెంటున్న గది ఉంటే అక్కడొక స్విచ్ పెట్టి, రెండు ముక్కలుగా రాగి కేబుల్ వేయవచ్చు. ఇక్కడ అరవయ్యో మీటరు దగ్గర కాపలావాడి గది ఉంది. అయినా నేను ఫైబర్ వేయించాను. గోడౌన్‌కు ఎలాగూ ఒక ప్లగ్గు పాయింటు లాగాల్సి వచ్చింది, పిడుగులు పడే ఊళ్లో రెండు భవనాల మధ్య ఆరుబయట లోహపు తీగ ఉండకపోవడం నాకు నచ్చే విషయం. రెండు కొసల్లో రాగి సిగ్నల్‌ను కాంతిగా, కాంతిని మళ్లీ రాగి సిగ్నల్‌గా మార్చే మీడియా కన్వర్టర్లు, గోడౌన్‌లో కన్వర్టర్ నుంచి పెట్టెకు నాలుగు మీటర్ల రాగి తీగ. వేగం కొలిచే `iperf3` పెడితే 940 మెగాబిట్ల దగ్గర నిలకడగా వచ్చింది, సీఆర్‌సీ అంకె కదలలేదు, లోడింగ్ టైంలో పెట్టె ఆగలేదు.

మీరు రాగి కేబులే కొనేటట్టయితే షాపులో కేబుల్ పెట్టెను తూకం వేయమనండి. 305 మీటర్ల పెట్టెలో సన్న 24 గేజి తీగైనా ఒక్క రాగి బరువే నాలుగు కిలోలు దాటుతుంది. రాగి పూత అల్యూమినియం తీగైతే రెండు కిలోల లోపే. పక్కన మంచి పెట్టె ఉంటే చేతితో ఎత్తినా తేడా తెలుస్తుంది. బిల్లు మీద "సాలిడ్ కాపర్" అని రాయించుకోండి, కొసన ఒక తీగను అక్కడే గీసి చూడండి.

తీసేసిన పాత కేబుల్‌కు కనెక్టర్లు రెండు వైపులా కోసి పారేశాను. లేకపోతే రేపు ఎవరో ఒకరు దాన్ని కెమెరాకు కరెంటు పంపడానికి వాడేస్తారు.