శ్రావణం రాకముందే మీ ముత్యాల దండ దారం చూసుకోండి

పోయిన నెల ఒక పెళ్ళిలో సరిగ్గా తలంబ్రాల వేళ పెళ్ళికూతురి పిన్ని మెళ్ళో ముత్యాల దండ తెగింది. కొన్ని ముత్యాలు పళ్ళెంలోని బియ్యంలో పడ్డాయి, కొన్ని పీటల కిందికి దొర్లాయి. భద్రాచలం రాములవారికి ముత్యాల తలంబ్రాలు పోస్తారు, మాకూ అలాగే జరిగిందని అక్కడున్నవాళ్ళు నవ్వారట. ఆవిడకు మాత్రం నవ్వు రాలేదు. పెళ్ళయ్యాక పసుపు బియ్యమంతా చేటలో పోసుకుని ఏరారు. తెగిన పేటలో 72 ముత్యాలుండాలి. రుమాలు మూటలో నా దగ్గరికి వచ్చినవి 66.

నేను ఇంట్లోనే దండలు గుచ్చుతాను, ఇరవై ఏళ్ళ పైమాటే. "దారం పాతదైపోయిందా అక్కా?" అని అడిగింది ఆవిడ. దారం పాతది కాదు, రెండేళ్ళ కిందట గుచ్చిన పట్టుదారమే. "చివరిసారి ఎప్పుడు కడిగావమ్మా?" అన్నాను. "పెళ్ళికి ముందురోజు సాయంత్రం కుంకుడు రసంలో వేసి కడిగాను. అద్దం పక్కన మేకుకి తగిలించి, పొద్దున్నే తీసి వేసుకున్నాను."

నా దగ్గరికి వచ్చే తెగిన దండల్లో సగానికి సగం కథ ఇదే. గుచ్చిన దండను నీళ్ళలో ముంచడం, తడి ఆరకుండా వేలాడదీయడం, వేసుకోవడం. బంగారు గొలుసును కుంకుడు రసంలో నానబెట్టి బ్రష్షుతో రుద్దితే తళతళలాడుతుంది కదా, ముత్యాలకూ అదే చేస్తారు.

లోపల ఏమవుతుంది

ముత్యం పైన తుడిస్తే ఆరిపోతుంది. దాని బెజ్జంలో ఉన్న దారం ఆరదు. ఒత్తి నూనె పీల్చినట్టు దారం తడిని, ఆ తడితోపాటు మురికిని, కుంకుడు రసాన్ని లోపలికి లాక్కుంటుంది. తడిసిన పట్టుదారానికి బలం తగ్గుతుంది, పైగా సాగుతుంది. ఆ స్థితిలో మేకుకి తగిలిస్తే పేట బరువంతా పై చివర మీదే పడుతుంది. దారం సాగి ముత్యాల మధ్య సందు వస్తుంది, ఇక మెడ కదిలినప్పుడల్లా ముత్యాలు అటూ ఇటూ జరుగుతాయి. బెజ్జం అంచు పదునుగా ఉంటుంది కాబట్టి జరిగిన ప్రతిసారీ దారాన్ని కాస్త కోస్తుంది. ఆవిడ దండ హుక్కు దగ్గరే తెగింది. అక్కడ దారం బూడిదరంగుకు తిరిగి, పోగులు విడిపోయి ఉంది. అంటే ఆ ఒక్క రాత్రి పని కాదు. ప్రతి శుభకార్యానికీ ముందు ఇలాగే కడుగుతూ వచ్చింది.

ముత్యాల మధ్య ముడులు లేకపోవడం రెండో తప్పు, అది గుచ్చినవాళ్ళది. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి ఉంటే దారం తెగినా రాలేది ఒక్కటే, మహా అయితే రెండు. ముడులు వేస్తే గుచ్చే కూలి ఎక్కువవుతుంది, అందుకని వద్దంటారు. ఖరీదైన ముత్యాలకు ఆ కూలి దగ్గర బేరమాడకండి.

ఇక ముత్యం సంగతి. కోడిగుడ్డు పెంకును నిమ్మరసంలో వేస్తే బుడగలొచ్చి కరుగుతుంది కదా. ముత్యం కూడా చాలామటుకు అదే సున్నపు పదార్థం, పొరలు పొరలుగా పేరుకున్నది. పగడమూ అంతే. పులుపు తగిలితే పై పొర తింటుంది. చెమట, అత్తరు, తలకు కొట్టే స్ప్రే కూడా అదే పని నిదానంగా చేస్తాయి. మెడ వెనక ఉండే ముత్యాలు ముందు మసకబారేది అందుకే. ఒకసారి పోయిన మెరుపు కడిగితే రాదు. పాలిష్ పెట్టడమంటే ఉన్న పొరను ఇంకాస్త గీకడమే.

మరి శుభ్రం చేయడమెలా

వేసుకుని తీసిన వెంటనే మెత్తటి నూలు గుడ్డతో ఒక్కో ముత్యాన్నీ తుడవండి. పాత పంచె ముక్కయితే మరీ మంచిది. చాలాసార్లు ఇది చాలు. మురికి పట్టి ఉంటే ఒక గిన్నెడు గోరువెచ్చటి నీళ్ళలో పిల్లల షాంపూ రెండు చుక్కలు వేసి, గుడ్డను అందులో తడిపి గట్టిగా పిండండి. ఆ గుడ్డతో ముత్యాల పైన మాత్రమే తుడవండి. మంచినీళ్ళలో తడిపి పిండిన ఇంకో గుడ్డతో మళ్ళీ తుడవండి. తర్వాత పొడి తువ్వాలు మీద పడుకోబెట్టండి, ఫ్యాను గాలికి, ఒక పగలూ ఒక రాత్రీ. వానాకాలంలో రెండు రోజులు. వరలక్ష్మీ వ్రతం శుక్రవారమైతే మంగళవారానికే ఈ పని అయిపోవాలి. గుడ్డ తడవాలి, దండ మునగకూడదు.

దారం ఎలా ఉందో చూడటం

దండను బల్ల మీద తిన్నగా పరిచి, హుక్కుకు రెండు పక్కలా ఉన్న చివరి నాలుగైదు ముత్యాలను వెలుతురులో చూడండి. ముందు పాడయ్యేది ఆ చోటే. ముత్యాల మధ్య దారం కనబడుతున్నా, నల్లబడినా, నూగు లేచినా గుచ్చించాలి. బాగానే ఉందా అని లాగి చూడకండి. తరచుగా వేసుకునేదైతే ఏడాదికోసారి, పండక్కీ పబ్బానికీ తీసేదైతే రెండు మూడేళ్ళకోసారి కొత్త దారం వేయించాలి.

మిగతావి వరసగా చెబుతున్నాను, గుర్తున్నవి గుర్తున్నట్టు:

- చీర కట్టి, పౌడరు, సెంటు, స్ప్రే అన్నీ అయ్యాక చివర్న దండ. ఇంటికి రాగానే మొదట తీసేది అదే.
- చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, వంటసోడా, టూత్‌పేస్టు దగ్గరికి రానివ్వద్దు.
- బంగారం దుకాణంలో నగలు కడిగే మిషన్‌లో వేయించకండి. "ఏం కాదమ్మా" అంటారు. వద్దనండి.
- మెడలో వేసుకుని స్నానం చేయకండి. నల్లపూసలైనా సరే. గాజు పూసకు ఏమీ కాదు, దారానికి అవుతుంది. తీగ మీద గుచ్చినవైతే మడత పడకూడదు, పడిన చోటే విరుగుతాయి.
- గిల్టు ముత్యాలకు మెరుపు పైపూతలోనే ఉంటుంది. గోళ్ళరంగు తుడిచే ద్రావకం చుక్క పడినా ఊడుతుంది.
- వేలాడదీయకండి. మెత్తటి గుడ్డలో చుట్టి, పెట్టెలో పడుకోబెట్టండి.
- బంగారు నగలతో ఒకే డబ్బాలో కుక్కకండి. రాళ్ళ నగ గీసిందంటే ఆ గీత పోదు.
- గాలి చొరని ప్లాస్టిక్ కవరు వద్దు. బ్యాంకు లాకర్లో ఏళ్ళ తరబడి అలా వదిలేయద్దు.
- కలరా ఉండలున్న చీరల బీరువా అరలో పెట్టకండి.
- ఎండలో ఆరబెట్టకండి. హెయిర్ డ్రైయర్ అసలే వద్దు.
- పొద్దున పెళ్ళికి వెళ్తూ ముందురోజు రాత్రి కడగకండి. కడగకుండా వేసుకుంటే కొంప మునగదు. ఎవరూ దగ్గరికొచ్చి చూడరు.
- తడి దండ మెళ్ళో వేయకండి. పైకి ఆరినట్టున్నా వేయకండి.
- తెగితే, దారం ముక్కతో సహా అన్నీ ఒక డబ్బాలో వేసి తీసుకురండి. ఎక్కడ తెగిందో ఆ దారం చూస్తేనే తెలుస్తుంది. వరస పరిమాణం కలిసేలా మళ్ళీ పేర్చాలి కాబట్టి, ఎన్ని పోయాయో లెక్కపెట్టి మరీ రండి.