పాప డైపర్ ర్యాష్ ఎలా తగ్గిందంటే (నా అనుభవం)

నెల కూడా నిండని పాపకి డైపర్ తగిలే చోటంతా ఎర్రగా కందిపోయింది, తుడిస్తే చాలు గుక్కపట్టి ఏడ్చేది. పౌడరు, కొబ్బరినూనె, వాసనొచ్చే బేబీ లోషన్ ఏవీ పనిచెయ్యలేదు.

చివరికి వైప్స్ ఆపేసి, గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో తుడిచి, మెత్తటి నూలుగుడ్డతో అద్ది, కాసేపు డైపర్ లేకుండా వదిలేసి, బాగా ఆరాక జింక్ ఆక్సైడ్ క్రీమ్ కింద చర్మం కనపడనంత మందంగా పట్టించాం. అసలు కిటుకేంటంటే, డైపర్ మార్చినప్పుడల్లా మురికైన పై పొర మాత్రమే తీసి, మిగతా క్రీమ్ రుద్దకుండా దానిమీదే మళ్లీ రాయడం, రుద్దితే చర్మం ఇంకా రేగిపోతుంది.

సబ్బు, లోషన్ ఏది కొన్నా లేబుల్ మీద ఫ్రాగ్రెన్స్ లేదా పర్ఫ్యూమ్ అనుంటే పక్కన పెట్టేయండి, క్రీమ్‌లో బోరిక్ యాసిడ్ అసలొద్దు. అందరికీ ఇదే పనిచేస్తుందని చెప్పలేను, తొడ మడతల్లో కూడా ఎర్రగా ఉండి చుట్టూ చిన్న పొక్కులుంటే ఫంగస్ కావచ్చు, అది జింక్‌తో పోదు, డాక్టర్‌కి చూపించండి.