ఒకే పాటకు పది అప్‌లోడ్‌లు: శ్రుతి కలవకపోతే ఏది తీసుకోవాలి?

సమస్య: విశాఖలో కళాభారతి వంటి వేదికల మీద పాత సినిమా పాటలు పాడేవారు యూట్యూబ్‌లో విని సాధన చేస్తారు. తీరా వాద్యబృందంతో కూర్చుంటే హార్మోనియంలో ఏ మెట్టు పట్టినా శ్రుతి కలవదు. తప్పు గొంతుది కాదు, విన్న అప్‌లోడ్‌ది.

ముందు చూడవలసింది: వీడియో కింద వివరణ తెరవండి. ఎంత చెప్పినా ఈ ఒక్క పని చేయరు! మొదటి వరుసలో Provided to YouTube by, చివర Auto-generated by YouTube అని ఉంటే అది హక్కుదారు నుంచి పంపిణీదారు ద్వారా నేరుగా వచ్చిన ఆడియో. ఛానల్ పేరు చివర చాలాసార్లు Topic అని కనిపిస్తుంది. అయితే కవర్ పాటలూ ఈ దారినే వస్తాయి కాబట్టి గాయకుల పేర్లు, ℗ పక్కన ఉన్న సంస్థ పేరు కూడా చదవండి.

అసలు దొంగ కారణం: సినిమాను సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. మన టీవీ పద్ధతి 25 ఫ్రేములది. టీవీకో డీవీడీకో మార్చేటప్పుడు చాలాసార్లు సినిమాను కాస్త వేగంగా నడిపేస్తారు. దాంతో పాట నాలుగు శాతం పరుగెత్తుతుంది, శ్రుతి కూడా పైకి పోతుంది. ఆ పెరుగుదల అర శ్రుతికి కొంచెం తక్కువ. అందుకే అది రెండు మెట్ల మధ్య ఇరుక్కుంటుంది, కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ నొక్కినా దొరకదు. ఇలాంటి వీడియో అధికారిక ఛానల్‌లోనూ ఉండవచ్చు, కనుక టిక్ గుర్తు చూసి నమ్మేయకండి.

వీడియో పరుగెత్తిందో లేదో తేలాలంటే ఆ ఆడియోతో మొత్తం నిడివి పోల్చితే చాలదు. సినిమాలో ఒక చరణం కోసేసి ఉండవచ్చు, ముందు సంభాషణ కలిసి ఉండవచ్చు. పల్లవి మొదటి మాట నుంచి రెండో చరణం మొదటి మాట వరకు రెండింటిలోనూ కొలవండి. ఆడియోలో 150 సెకన్లు, వీడియోలో 144 వస్తే వీడియో పరుగెత్తిందన్నమాట. 150ని 24తో గుణించి 25తో భాగిస్తే సరిగ్గా 144. మధ్యలో సంగీతం కత్తిరించి ఉంటే ఈ లెక్క కుదరదు, అప్పుడు ఒక్క చరణం లోపలే కొలుచుకోండి.

పరిష్కారం: సాధనకు ఆ ఆడియో అప్‌లోడే వాడండి. యూట్యూబ్‌లో వేగం తగ్గిస్తే లాభం లేదు, పాట నెమ్మదిస్తుంది తప్ప శ్రుతి దిగదు. మీ సొంత డిస్కు నుంచి తీసిన పాటైతే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేగం, శ్రుతి రెండూ కలిపి 0.96కు దించండి.

ఇక శీర్షికలో 4K, 320 అని ఉండటం సంగతి: 4K బొమ్మకే. ధ్వనిని యూట్యూబ్ ఎలాగూ మళ్లీ కుదిస్తుంది, ఆ 320 మీ చెవి దాకా రాదు. హక్కుల పరిశీలనకు దొరకకుండా శ్రుతి మార్చి పెట్టేవారు కూడా కొందరున్నారు, వాటి జోలికి వెళ్లకండి.