ఏ సంవత్సరానికి ఏ పేరు? రెండవ పాఠం: క్రీస్తు శకం నుంచి సంవత్సర నామానికి

మొదటి పాఠంలో ప్రభవ నుంచి అక్షయ వరకు అరవై పేర్లను వరుసకు పది చొప్పున ఆరు వరుసలుగా రాసుకొని, ప్రతి వరుసలోని మొదటి పేరును మాత్రం కంఠస్థం చేయమని కోరాను. ప్రభవ 1, ఈశ్వర 11, సర్వజిత్తు 21, హేవిళంబి 31, ప్లవంగ 41, పింగళ 51. ఈ ఆరు పేర్లూ వాటి సంఖ్యలతో సహా నోటికి వస్తే చాలు, మిగిలిన యాభై నాలుగింటిని వరుసలో వేలితో లెక్కపెట్టి పట్టుకోవచ్చు.

ఈ పాఠంలో చాలా ఉదాహరణలకు ఒకే వరుసను వాడుకుంటాను. అది మూడవ వరుస: సర్వజిత్తు, సర్వధారి, విరోధి, వికృతి, ఖర, నందన, విజయ, జయ, మన్మథ, దుర్ముఖి. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడే వరకు మనకు బాగా తెలిసిన తేదీలు చాలావరకు ఈ పది పేర్ల కిందికే వస్తాయి. కనుక మీ కాగితం మీద ఈ వరుసకు 21 నుంచి 30 వరకు సంఖ్యలు వేసుకొని పక్కన పెట్టుకోండి.

లెక్క చిన్నదే. క్రీస్తు శక సంవత్సరం నుంచి 6 తీసివేసి, వచ్చినదాన్ని 60 చేత భాగించాలి. భాగఫలంతో మనకు పని లేదు, మిగిలిన శేషమే సంవత్సరం వరుస సంఖ్య. ఈ ఆరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే సూత్రాన్ని మరచిపోయినా మళ్లీ కట్టుకోవచ్చు. మనకు దగ్గరలో ప్రభవ నామ సంవత్సరం 1987 ఉగాదితో మొదలైంది. 1987ను 60 చేత భాగిస్తే 7 మిగులుతుంది. కానీ ప్రభవ వరుస సంఖ్య 1. ఏడును ఒకటిగా మార్చడానికి ఆరు తీసివేయవలసి వచ్చింది, అంతకు మించి ఇందులో రహస్యం లేదు.

ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956 నవంబరు 1ని తీసుకుందాం.

```
1956 - 6 = 1950
1950 = 60 × 32 + 30
శేషం = 30
```

ముప్పై అంటే మూడవ వరుసలో చివరి పేరు, దుర్ముఖి. అంటే ఆంధ్రప్రదేశ్ దుర్ముఖి నామ సంవత్సరంలో ఏర్పడింది. అంతకు మూడేళ్ల ముందు, 1953 అక్టోబరు 1న, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1953 నుంచి 6 తీసివేస్తే 1947, అరవై చేత భాగిస్తే శేషం 27, పేరు విజయ. తెలంగాణ ఏర్పడిన 2014 జూన్ 2కు ఇదే లెక్క వేస్తే 2008 వస్తుంది, శేషం 28, పేరు జయ. అరవై ఏళ్లకు పైగా ఎడమున్న రెండు రాష్ట్రావతరణలు వరుసలో పక్కపక్క పేర్ల కిందికి రావడం నన్ను ఇప్పటికీ ఆకట్టుకుంటుంది.

భాగహారం చేయడానికి కాగితం దగ్గర లేనప్పుడు పెద్దలు మరో దారిలో వెళతారు. ప్రభవ మొదలైన సంవత్సరాలను గుర్తుపెట్టుకొంటారు: 1867, 1927, 1987. అడిగిన సంవత్సరానికి ముందున్న ప్రభవను దానిలోంచి తీసివేసి ఒకటి కలుపుతారు. 1956లోంచి 1927 తీసివేస్తే 29, ఒకటి కలిపితే 30. కొత్తగా నేర్చుకొనేవారు ఆ ఒకటిని కలపడం మరచిపోయి మన్మథ దగ్గర ఆగిపోతుంటారు. ప్రభవ సంవత్సరానికి దానిలోంచి దాన్నే తీసివేస్తే సున్న వస్తుంది గానీ దాని వరుస సంఖ్య ఒకటి గదా అని ఒక్కసారి అనుకుంటే ఈ పొరపాటు మళ్లీ జరగదు. నేను మొదటి పద్ధతిలో లెక్కించి, రెండవ పద్ధతితో సరిచూసుకుంటాను.

శేషం సున్న వస్తే దాన్ని అరవైగా తీసుకోవాలి. 1986 నుంచి 6 తీసివేస్తే 1980, అది అరవై చేత నిశ్శేషంగా భాగింపబడుతుంది, కనుక 1986 ఉగాదితో మొదలైనది అరవయ్యవ సంవత్సరం. దాని అసలు పేరు క్షయ. ఆ మాట పలకడం ఇష్టం లేక మన ఇళ్లలోనూ చాలా పంచాంగాలలోనూ దాన్ని అక్షయ అంటారు. పాత కాగితాల్లో ఈ రెండింటిలో ఏది కనిపించినా ఒకే సంవత్సరమని గ్రహించాలి.

ఇంతవరకు తీసుకున్న తేదీలన్నీ జూన్‌కు, డిసెంబరుకు మధ్యవి. అలా కావాలనే ఎంచుకున్నాను, ఎందుకంటే లెక్క ఎంత సరిగా చేసినా జవాబు తప్పిపోయే చోటు మొదటి మూడున్నర నెలల్లో ఉంది. క్రీస్తు శక సంవత్సరం జనవరి 1న మారుతుంది, మన సంవత్సరం చైత్ర శుద్ధ పాడ్యమినాడు మారుతుంది. ఉగాదికి ముందు వచ్చే జనవరి, ఫిబ్రవరి, మార్చి తేదీలన్నీ వెనుకటి సంవత్సరం పేరు కిందికే వస్తాయి. అలాంటి తేదీకి ముందుగా సంవత్సరంలోంచి ఒకటి తగ్గించి, ఆ తరువాతే 6 తీసివేయాలి.

దీన్ని నేను ఒక నోటుపుస్తకం వల్ల నేర్చుకున్నాను. మా పెద్దనాన్నగారి పుట్టిన తేదీ బడి కాగితాల్లో 1950 మార్చి 6 అని ఉండేది. ఆయన తండ్రిగారు చేతివ్రాతతో ఉంచుకున్న పుస్తకంలో మాత్రం విరోధి నామ సంవత్సర ఫాల్గుణ బహుళ విదియ అని ఉంది. నేను 1950 నుంచి 6 తీసివేసి, 1944ను అరవై చేత భాగించి, శేషం 24 అని, అది వికృతి గనుక రెండింటిలో ఏదో ఒకటి తప్పని తేల్చేశాను. బడిలో చేర్పించేటప్పుడు తేదీలు మార్చి రాయించడం ఆ రోజుల్లో మామూలే కాబట్టి అనుమానమంతా బడి కాగితం మీదికే వెళ్లింది. పుస్తకాన్ని మళ్లీ చదివినప్పుడు ఫాల్గుణం అన్న మాట దగ్గర ఆగాను. ఫాల్గుణం సంవత్సరంలో చివరి నెల, అది వచ్చిందంటే ఉగాది ఇంకా రాలేదన్నమాట. 1949కి లెక్క వేస్తే 1943, శేషం 23, పేరు విరోధి. రెండు కాగితాలూ నిజమే చెబుతున్నాయి, తప్పు నా లెక్కది. అదే కారణం చేత మన గణతంత్రం మొదలైన 1950 జనవరి 26 కూడా విరోధి నామ సంవత్సర మాఘమాసంలోకి వస్తుంది, వికృతిలోకి రాదు.

కనుక తేదీని చూడగానే మొదట నెలను చూడండి. మన కాలపు తేదీలలో ఉగాది మార్చి రెండవ సగం నుంచి ఏప్రిల్ రెండవ వారం చివరి దాకా ఎప్పుడైనా రావచ్చు. 2018లో అది మార్చి 18న వచ్చింది, 2002లో ఏప్రిల్ 13 దాకా రాలేదు. అందువల్ల జనవరి మొదలు మార్చి మొదటి పది రోజుల దాకా ఉన్న తేదీలకు కళ్లు మూసుకొని ఒకటి తగ్గించవచ్చు, ఏప్రిల్ 15 దాటిన తేదీలకు తగ్గించనవసరం లేదు. నడుమ ఉన్న రోజులకు మాత్రం ఆ ఏటి ఉగాది తేదీని పంచాంగంలో చూడక తప్పదు, అంకగణితం ఒక్కటే అక్కడ సరిపోదు. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. ఆ ఏడు ఏప్రిల్ 5న పుట్టిన బిడ్డకు 2023తో లెక్క వేసి 37, శోభకృత్ అని రాయాలి. ఏప్రిల్ 10న పుట్టిన బిడ్డకు 38, క్రోధి. అయిదు రోజుల తేడాతో పేరే మారిపోయింది. కాగితంలో తిథి, మాసం కూడా ఉంటే పని ఇంకా తేలిక: పుష్యం, మాఘం, ఫాల్గుణం అని ఉన్న తేదీ క్రీస్తు శక సంవత్సరపు మొదటి నెలల్లో పడితే ఒకటి తగ్గించాలి, చైత్రం అని ఉంటే తగ్గించకూడదు.

శాలివాహన శకం ఇచ్చిన కాగితాలకు ఈ చిక్కు లేదు, ఎందుకంటే ఆ శక సంవత్సరం కూడా ఉగాదినాడే మారుతుంది. శక సంఖ్యకు 12 కలిపి అరవై చేత భాగిస్తే చాలు. 1947 ఆగస్టు 15 నాటికి గతించిన శక సంవత్సరాలు 1869. పన్నెండు కలిపితే 1881, శేషం 21, సర్వజిత్తు. క్రీస్తు శకంతో చేసినా 1947 నుంచి 6 తీసివేస్తే 1941, శేషం అదే 21. రెండు దారుల్లోనూ ఒకే సంఖ్య వస్తే జవాబును నమ్మవచ్చు.

ఈ లెక్క పాత సంగతులను ఎంత సూటిగా విప్పుతుందో చూపడానికి గుంటూరు ప్రాంతంలో వచ్చిన కరువును చెబుతాను. చరిత్ర పుస్తకాల్లో అది 1832–33 నాటి గుంటూరు కరువు. జనం నోట అది నందన కరువు. 1832 నుంచి 6 తీసివేస్తే 1826, శేషం 26, మూడవ వరుసలో ఆరవ పేరు నందన. అంటే జనం ఆ విపత్తుకు 1832 ఉగాదితో మొదలైన సంవత్సరం పేరు పెట్టారు. 1833 ఉగాది తరువాత విజయ నామ సంవత్సరం వచ్చినా కరువుకు నందన పేరే నిలిచిపోయింది. రాయలసీమలో చెప్పుకొనే ధాత కరువు కూడా అటువంటిదే. 1876 నుంచి 6 తీసివేస్తే 1870, శేషం 10, మొదటి వరుసలో చివరి పేరు ధాత. 1876–78 నాటి ఆ పెద్ద కరువుకు పేరు ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్క తీసివేతతో తెలిసిపోతుంది.

పేర్లలో తికమక పెట్టేవి కొన్ని ఉన్నాయి. 23వది విరోధి, 45వది విరోధికృత్. 13వది ప్రమాది, 47వది ప్రమాదీచ. 38వది క్రోధి, 59వది క్రోధన. చేతివ్రాతలో చివరి అక్షరం చెరిగిపోతే ఒకదాన్ని మరొకటిగా చదివే ప్రమాదముంది. సంఖ్య ముందే కట్టుకొని ఉంటే ఆ అక్షరం ఏదై ఉండాలో సంఖ్యే చెబుతుంది.

సూత్రానికి ఒక హద్దు కూడా ఉంది. తెలుగు, కన్నడ ప్రాంతాలలో ఈ పేర్లు ఏటికొకటి చొప్పున తెగకుండా నడుస్తాయి. తమిళులవీ ఇవే పేర్లు, ఇదే వరుస, కానీ వారి సంవత్సరం ఏప్రిల్ నడుమ మేష సంక్రమణంతో మారుతుంది గనుక ఉగాదికి, ఆ రోజుకు మధ్య తేదీలకు మన పేరు, వారి పేరు కలవవు. ఉత్తరాదిలో పేర్లను బృహస్పతి గమనాన్ని బట్టి లెక్కిస్తారు. బృహస్పతి ఒక రాశిని దాటడానికి సుమారు 361 రోజులే పడుతుంది కనుక ఎనభై అయిదేళ్లకు ఒకసారి వారి వరుసలో ఒక పేరు లుప్తమవుతుంది, అలా పోతూపోతూ వారి లెక్క మనకంటే పదికి పైగా పేర్లు ముందుకు జరిగింది. కాశీ పంచాంగంలోని పేరును ఈ సూత్రంతో సరిచూడబోతే కుదరదు.

అభ్యాసానికి మూడు తేదీలు ఇస్తున్నాను: గాంధీజీ హత్య జరిగిన 1948 జనవరి 30, హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన 1948 సెప్టెంబరు 17, క్రీస్తు శకం 2000 జనవరి 1. మొదటి రెండూ ఒకే క్రీస్తు శక సంవత్సరానివైనా వాటి పేర్లు ఒకటి కావు. మూడవదానికి శేషం 14 వస్తే నెలను చూడకుండా లెక్క వేశారన్నమాట.

వచ్చే పాఠంలో దీన్ని తిరగేసి చేద్దాం. ఒక ఉత్తరంలో నందన అని మాత్రమే ఉంటే అది 1832 కావచ్చు, 1892, 1952, 2012 కూడా కావచ్చు. తిథి, వారం సాయంతో ఆ నాలుగింటిలోంచి ఒకదాన్ని ఎలా ఏరాలో అక్కడ చూద్దాం.